ఎక్కడి నుంచి కొలిచారు, బావా?

చెవిమేస్త్రికి చెవులు అందరికీ ఉన్నట్టే రెండే ఉండేవి. అవీ పెద్దవేం కావు. అయినా నీటి శాఖలో ఆయన అసలు పేరు జీతాల గుమస్తాకు తప్ప ఇంకెవరికీ గుర్తుండేది కాదు. మోకాటిలోతున నేల కింద పగిలిన గొట్టాన్ని, పైన చెప్పులు విడిచి నిలబడి పసిగట్టేవాడని చెప్పుకునేవారు. ఒకసారి వీధి మొదట్లో ఆగి, "ఆ మూడో ఇంట్లో మామగారు స్నానం చేస్తున్నాడు. కోడలు వంటింట్లో కుళాయి తిప్పింది. ఇప్పుడు తిడతాడు చూడండి" అన్నాడట. అన్న మరుక్షణం లోపలి నుంచి తిట్లు వినబడ్డాయట. ఇందులో సగం నిజం. ఏ సగమో ఆయన ఎప్పుడూ చెప్పలేదు.

ఆయన్ను ఈ పనిలోకి దించింది బావ. అప్పటికింకా బావ కాడు, శాఖలో పాత ఫిట్టరు. మనిషి తాటిచెట్టంత ఉండేవాడు, గొంతు అంతకన్నా పొడుగు. కొత్తగా చేరిన ఈ కుర్ర మేస్త్రిని ఒకరోజు భోజనానికి ఇంటికి తీసుకెళ్ళాడు. కంచం ముందు కూర్చున్న మేస్త్రి ముద్ద నోట్లో పెట్టకుండా గోడ వైపు చెవి ఒగ్గి, "మీ మేడ మీద తొట్టి పొంగుతోందండీ" అన్నాడు. ఫిట్టరు చెల్లెలు మెట్లెక్కి చూసొచ్చి, "నిజమే అన్నయ్యా, ఈయనకు మనుషులు పిలిస్తే కూడా వినబడుతుందా, గొట్టాలు పిలిస్తేనేనా?" అంది. అలా అడిగిన పిల్లనే మేస్త్రి పెళ్ళి చేసుకున్నాడు. ఆనాటి నుంచి ఆ ఇద్దరు మగవాళ్ళూ ఒకరినొకరు బావా అనే పిలుచుకునేవారు. కట్ట మీద ఒకడు "బావా" అని అరిస్తే కింద నుంచి ఇంకొకడు "ఏం బావా" అనేవాడు. కొత్తవాళ్ళకు అది ఒక్క మనిషి గొంతూ, దాని ప్రతిధ్వనీ అనిపించేది.

వాళ్ళిద్దరి ప్రత్యేకత సైఫను. చెరువు తూము తలుపు బిగుసుకుపోయిందనుకోండి, కట్ట తవ్వడానికి వీల్లేదనుకోండి, వీళ్ళకు కబురొచ్చేది. కట్ట మీదుగా ఇనుప గొట్టం వేసేవారు. దాని ఒక మూతి చెరువు నీళ్ళలో, రెండోది కట్ట అవతల, నీటిమట్టం కన్నా బాగా కిందకి. కట్ట మీద గొట్టం వంగే చోటును వాళ్ళు మూపు అనేవారు, ఎద్దు మూపులా ఉంటుందని. రెండు మూతులూ మూసి, మూపు మీది మూత విప్పి, బిందెలతో నీళ్ళు పోసేవారు. చివరి బుడగ బయటికొచ్చి ఆగినాక మూత బిగించి, అప్పుడు రెండు చివరలూ తెరిచేవారు. అంతే. మోటారు లేదు, మంట లేదు. నీళ్ళు వాటంతటవే కట్ట ఎక్కి అటు దిగిపోయేవి. చూడ్డానికొచ్చిన జనం నోళ్ళు తెరిచేవారు. బావ వాళ్ళకు గంభీరంగా చెప్పేవాడు: "లోపల ఒకణ్ణి కూర్చోబెట్టాం. వాడు తాగి అటువైపు ఉమ్మేస్తున్నాడు."

వాళ్ళ పనివాళ్ళ ముఠాకు ఒక అలవాటు ఉండేది. గొట్టం వేసిన రోజున నీళ్ళు ఎక్కడున్నాయో కట్ట రాతి మీద ఎర్ర రంగుతో గీత గీసేవారు. ఆ గీత నుంచి మూపు ఎంత ఎత్తో కొలిచి ఆ అంకె గట్టిగా చదివేవారు. "మూపు నాలుగు మీటర్లు, భద్రం!" అని. ఆ తర్వాత పని అయ్యేదాకా ఎవరడిగినా అదే అంకె. ఎవరు మొదలుపెట్టారో తెలియదు, ఎవరూ అడగలేదు. పెద్దవాళ్ళు గీశారు కాబట్టి వీళ్ళూ గీశారు.

ఒక ఏడాది, వానలు మొదలయ్యే ముందు, ఒక పాత కట్ట కింద ఊట మొదలైంది. తేట నీళ్ళు ఊరితే కట్టకు జలుబు చేసినట్టు, అంత భయం లేదు. ఈ ఊట మాత్రం ఎర్రగా, బురదగా వస్తోంది. అంటే కట్ట కడుపులోంచి మట్టి కొట్టుకొస్తోందన్న మాట. సైఫను వేశారు, గీత గీశారు, భద్రం అన్నారు. నీళ్ళు బాగానే దిగుతూ వచ్చాయి. ఒక సాయంత్రం, ముసురు పట్టిన వేళ, మూపులో గులకరాళ్ళు దొర్లినట్టు చప్పుడు మొదలైంది. మేస్త్రి మూపు పక్కనే ఉన్నాడు. బావ కింద, నీళ్ళు బయటికొచ్చే చోట, వాల్వు దగ్గర ఉన్నాడు. ఆ పొడుగు గొంతు వానలోంచి పైకొచ్చింది.

"ఎక్కడి నుంచి కొలిచారు, బావా?"

మేస్త్రికి అర్థం కాలేదు. "ఏంటి కొలిచేది?" అని అరిచాడు. జవాబు రాలేదు. మూపు ఒక్క గుటక వేసింది. తర్వాత చప్పుడే లేదు. సైఫను చచ్చిపోయేటప్పుడు ఏడవదు. ఊరుకుంటుంది, అంతే. ఆ నిశ్శబ్దంలోనే కట్ట పాదం మెత్తగా, చెక్క మీంచి వెన్న జారినట్టు, జారిపోయింది.

నీళ్ళు తీసినాక బావ వాల్వు దగ్గరే దొరికాడు. చక్రం మీద చేతులు బిగుసుకుని ఉన్నాయి. చక్రం సగానికి మూసి ఉంది.

విచారణకు వచ్చినవాళ్ళు ఆ చక్రాన్ని చూశారు, తలలూపారు. నీళ్ళు బయటికి పంపాల్సిన వేళ ఫిట్టరు వాల్వు మూశాడు, అందుకే సైఫను ఆగింది, కట్ట పోయింది అని తేల్చారు. తాగి ఉంటాడన్నాడొకడు. భయపడి ఉంటాడన్నాడు ఇంకొకడు. బావ కూతురు చంటిది, అప్పటికి నడక నేర్చుకుంటోంది. ఆ పిల్ల బడిలో చేరేనాటికి దానికి ఒక బిరుదు సిద్ధంగా ఉంది, వాల్వు మూసినవాడి కూతురు.

మేస్త్రి ఆ ఆఖరి ప్రశ్న ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి అదేమైనా మాటా? చచ్చేముందు మనిషి పెళ్ళాన్ని తలుస్తాడు, పిల్లను తలుస్తాడు. కొలత అడుగుతాడా? తాగాడన్న వాళ్ళకు అదింకో సాక్ష్యం అవుతుంది. అందుకని మింగేశాడు.

మింగింది లోపల ఉండలేదు. దినాలు అయిపోయాక ఒక పొద్దున వంటింట్లో కుళాయి కట్టేస్తుంటే, నీటి తోకలో, గొట్టం లోపలి నుంచి, స్పష్టంగా, కొంచెం విసుగ్గా వినిపించింది.

"ఎక్కడి నుంచి కొలిచారు, బావా?"

ఇక అప్పట్నుంచి ఎక్కడ నీళ్ళు గొట్టంలో వంగినా అదే. ఆసుపత్రి వరండాలో కూలరు కింద వినిపించింది. శాఖ గోదాములో వినిపించింది. ఒకసారి పెద్ద ఇంజనీరుగారింట్లో చేతులు కడుక్కుంటుంటే వినిపించి, మేస్త్రి "నాకేం తెలుసు బావా!" అని గట్టిగా అనేశాడు. "నేను నీకెప్పుడు బావనయ్యానయ్యా?" అన్నాడు ఆ పెద్దాయన తువ్వాలు పట్టుకుని. మేస్త్రి సైఫను పనికి వెళ్తే మాత్రం బావ గొంతుతో సరిపెట్టేవాడు కాడు. మూపు మీద గుర్రం ఎక్కినట్టు అటొక కాలు ఇటొక కాలు వేసుకుని, తడి లుంగీతో కూర్చునేవాడు. మేస్త్రికి తప్ప ఎవరికీ కనబడేవాడు కాదు. కానీ బావ కూర్చున్న చోట ఇనుము ఎండలో కూడా చల్లగా ఉండేది. ఇదీ సగం నిజమే.

మేస్త్రి తన బుర్రకు తోచిన జవాబులన్నీ ఇచ్చి చూశాడు. గొట్టం పొడవా? గేటు నుంచి కొలిచాం బావా. తాడా? ముడి నుంచి. ఆఖరికి ఒకనాడు ఒళ్ళు మండి, "నీ తలకాయ నుంచి!" అన్నాడు. ఏ జవాబుకూ బావ లేచి వెళ్ళలేదు.

మేస్త్రి భార్య ఇవేమీ అడిగేది కాదు. ఆయన కుళాయికి చెవి ఆన్చి నిలబడితే, బిందె పట్టుకుని పక్కన ఆగేది. "అయిందా? తప్పుకోండి, పప్పు మాడుతోంది" అనేది.

బావ కూతురు పెరిగింది. చదివింది. ఏ చదువు చదివినా బాగుండేది కానీ, పంతం పట్టి ఇంజనీరింగు చదివి, ఆ నీటి శాఖలోనే చేరింది. మొదటి రోజు హాజరు పుస్తకంలో సంతకం పెడుతుంటే వెనక ఎవరో గుసగుసలాడారు. ఆమె తిరిగి, "వాల్వు మూసినవాడి కూతుర్నే. తెరవడం కూడా వచ్చు, ఏదైనా బిగుసుకుపోతే పిలవండి" అంది. తండ్రి గొంతే. పక్క గదిలో మేస్త్రి "ఏం బావా" అనబోయి ఆగాడు.

మేస్త్రి పదవీ విరమణకు దగ్గరపడ్డ ఏడాది, మెట్ట మీది పై చెరువు కట్టకు ఊట వచ్చింది. బురద ఊట. తూము తలుపు తుప్పుపట్టి కదలదు. కట్ట కింద లోయలో ఒక పెద్ద పేట ఉంది. జనాన్ని బడిలోకి, గిడ్డంగిలోకి తరలించారు. ఇళ్ళను తరలించలేరు కదా. పెద్ద పంపులు ఎక్కాల్సిన ఘాట్ దారి కూలిపోయి ఉంది. చిన్న గొట్టాలు మాత్రం మనుషులు మోసుకెళ్ళగలరు. పని ఇంజనీరమ్మకు అప్పగించారు. "మేస్త్రి ఎవరు కావాలి?" అని అడిగితే, "మా మామయ్య" అంది.

మేస్త్రి వెళ్ళేముందు భార్య చొక్కా గుండీ కుడుతూ, "ఆ పిల్లను కట్ట కిందకి దిగనివ్వకండి" అంది. దారం పళ్ళతో కొరికింది.

కట్ట మీద రేకుల షెడ్డు. కావలివాడొకడు. వాడికి ప్రపంచంలో ఉన్న ప్రతి విషయమూ ముందే తెలుసు. గొట్టం వేసి, నీళ్ళు నింపి, వదిలారు. సైఫను పట్టుకుంది, నీళ్ళు కట్ట దాటి దూకాయి. కావలివాడు అప్పటికే ఎర్ర రంగు డబ్బా, కుంచె తెచ్చి, నీటి అంచున గీత గీయబోతున్నాడు.

"ఏయ్, ఏంటది?" అంది ఇంజనీరమ్మ.

"గీతమ్మా. భద్రం గీత. ఎప్పుడూ గీసేదే."

"డబ్బా మూసెయ్. ఇక్కడ గీత ఉండదు."

కావలివాడు మేస్త్రి వైపు చూశాడు, పెళ్ళిలో తాళి వద్దన్నట్టు. మేస్త్రి కూడా, "ఆనవాయితీ కదమ్మా" అన్నాడు నెమ్మదిగా.

ఆమె సుద్దముక్క తీసుకుని గొట్టం పక్కన చతికిలబడింది. "మామయ్యా, గాలి ఎంత బరువు మోస్తుంది?"

"గాలా? తాడు మీద నా చొక్కా కూడా మోయదు. రోజూ కింద పడేస్తుంది."

"ఆ గాలే మన నీళ్ళను కట్ట ఎక్కిస్తోంది. పైనుంచి ఎవరూ లాగట్లేదు. చెరువు మీద కూర్చున్న గాలి నీళ్ళను గొట్టంలోకి నెడుతోంది. సముద్రం ఒడ్డున అయితే పది మీటర్ల పైచిలుకు ఎత్తుకి నెట్టగలదు. మనం మెట్ట మీదున్నాం, గాలి పలచన. తొమ్మిదీ పాయింట్ మూడు." గొట్టం మీద రాసింది. "ఇందులోంచి అందరికీ పంచాలి. ఒత్తిడి మరీ పడిపోతే నీళ్ళు చల్లగా ఉండగానే ఆవిరవుతాయి. దాని వంతు పాయింట్ నాలుగు. జల్లెడ దగ్గర, వంపు దగ్గర, గొట్టం పొడుగునా రాపిడి, పైగా నీళ్ళ పరుగు. సెకనుకు మూడు మీటర్లు పరిగెడితే వీటన్నిటికీ కలిపి ఒకటీ పాయింట్ తొమ్మిది. నీళ్ళలో కరిగిన గాలి మూపు దగ్గర బుడగలై బయటికొస్తుంది, జాయింట్లలో ఎక్కడైనా పీలుస్తుంది. వాటికి భయపడి ఒకటిన్నర పక్కన పెడదాం."

"పెళ్ళివారందరికీ వడ్డించి మనకు గిన్నె గోకమన్నట్టుంది" అన్నాడు మేస్త్రి. "మిగిలిందెంత?"

"అయిదున్నర. మూపు అంతకన్నా ఎత్తుండకూడదు." సుద్దముక్క ఆగింది. "కానీ ఎక్కడి నుంచి?"

మేస్త్రి చేతిలోని పానా జారి కాలి పక్కన పడింది.

"కట్ట అడుగు నుంచి కాదు. గొట్టం వేసిన రోజు నీళ్ళ నుంచీ కాదు. ఏ పూటకాపూట నీళ్ళెక్కడుంటే అక్కడి నుంచి. మూపు ఉన్నచోటే ఉంటుంది, నీళ్ళు దిగుతుంటాయి. నీళ్ళు అడుగు దిగితే మూపు అడుగు పెరిగినట్టే. మనవాళ్ళు మొదటి రోజు గీత గీసి, పెళ్ళినాటి బరువు చెప్పుకునేవాళ్ళలాగా ఆఖరిదాకా అదే అంకె చదువుతారు."

మేస్త్రి మూపు వైపు చూశాడు. తడి లుంగీ, అటొక కాలు ఇటొక కాలు. ఈసారి బావ ఏమీ అడగలేదు. వింటున్నాడు.

"ఏంటి మామయ్యా, అలా అయిపోయారు?"

"ఏం లేదమ్మా. నువ్వు చెప్పు."

అప్పటికి నీటి నుంచి మూపు మూడున్నర మీటర్లు. కట్టలో నీళ్ళు దూరుతున్న బొరియ నోరు కింద ఉంది. అది బయటపడాలంటే నీళ్ళు మూపుకు ఆరూ పాయింట్ రెండు మీటర్ల కిందకి దిగాలి. అంటే అయిదున్నర దాటాలి.

"కట్ట నెత్తి ఓ మీటరు తవ్వి గొట్టం దించేయండి" అన్నాడు ఫోనులో పెద్ద ఇంజనీరు.

"వాన ముందు, కారుతున్న కట్టకు నెత్తి కోస్తే ఎలా సార్?"

"అయితే ఏం చేస్తావు?"

"పరుగు తగ్గిస్తాను. నీళ్ళ వేగం సగమైతే రాపిడీ పరుగూ తినే వంతు సగం కాదు, పావుకి పడిపోతుంది. ఒకటీ పాయింట్ తొమ్మిది కాస్తా అర మీటరు అవుతుంది. అప్పుడు ఆరూ పాయింట్ తొమ్మిది దాకా భద్రం. ఆలస్యమవుతుంది, కానీ ఆగదు."

"పరుగెలా తగ్గిస్తావు?"

"కింద వాల్వు మూసి సార్. సగానికి."

ఆ పెద్దాయన చెడ్డవాడు కాదు. కానీ పాత సంగతి ఆయనకూ తెలుసు. "అమ్మా," అన్నాడు చివరికి, "జనం ఏమంటారో తెలుసుగా? వాల్వు మూయడం వద్దు. వాన వచ్చేలోపు ఎంత పోతే అంత పోనీ. ఇంకా తెరువు."

ఆయనే పై అధికారి. మర్నాడు స్వయంగా వచ్చి, వాల్వు ఇంకా తెరిపించి వెళ్ళాడు. నీళ్ళు ఉరికాయి. కావలివాడు సంబరపడ్డాడు. "చూశారా, ఇదీ పని!" అన్నాడు. ఇంజనీరమ్మ మూపు మీద బిగించిన గడియారం లాంటి మీటరు ముల్లు చూస్తూ కూర్చుంది. ఆ ముల్లు మూపులో ఒత్తిడి ఎంత పడిపోయిందో చెబుతుంది. అది రోజూ కాస్త కాస్త మీటరు మీది ఎర్ర గుర్తు వైపు వాలుతోంది.

నీళ్ళు మూపుకు ఆరు మీటర్ల కిందకి చేరిన మధ్యాహ్నం మేఘం కమ్మింది. మేస్త్రి అన్నం తినబోతూ ఆగాడు. ముద్ద చేతిలోనే ఉంది.

"మామయ్యా?"

"గులకరాళ్ళు" అన్నాడాయన.

మూపుకు చెవి ఆన్చాడు. లోపల ఎవరో రాళ్ళ సంచి దులుపుతున్నట్టుంది. పాత చప్పుడే. ఇనుము మంచులా ఉంది. ఇంజనీరమ్మ ముల్లు చూసింది. అది ఎర్ర గుర్తును తాకుతోంది.

"బుడగలు పుట్టి పగులుతున్నాయి. ఇంకాసేపట్లో మూపంతా గాలి నిండి నీళ్ళ వరస తెగిపోతుంది." చినుకులు మొదలయ్యాయి. "ఇప్పుడు తెగితే మళ్ళీ పట్టించేలోపు వాననీళ్ళు నిండుతాయి. నేను కిందకెళ్తా."

"పైన చెరువు వైపు మూతి దగ్గరే నొక్కకూడదా?" అన్నాడు మేస్త్రి. ఆయనకు జవాబు తెలుసు. ఆమెను ఆపడానికి అడిగాడు.

"అటువైపు నొక్కితే మూపు ఇంకా ఎండిపోతుంది. గొంతు పిసికి గుటక వేయమన్నట్టు. దిగువనే మూయాలి మామయ్యా, మీకు తెలుసుగా."

"మూయొద్దమ్మా!" అన్నాడు కావలివాడు. వాడి ముఖం పాలిపోయింది. "నాన్నగారు కూడా ఇలాగే..." నోరు నొక్కుకున్నాడు.

ఆమె కట్ట అంచు దాకా వెళ్ళింది. మేస్త్రి చెయ్యి పట్టుకుని ఆపాడు.

"నువ్వు ముల్లు చూడాలి. నాకు ఆ లెక్క రాదు. కింద చక్రం తిప్పడం నాకొచ్చు."

"కట్ట కింద ప్రమాదం, మామయ్యా."

"మీ అత్తయ్య నిన్ను దిగనివ్వొద్దంది. నన్ను దిగొద్దని అనలేదు. ఆవిడ మాటల్లో సందులు నాకు బాగా తెలుసు." నవ్వబోయాడు, రాలేదు. "అమ్మాయ్, ఒక మాట. మీ నాన్న తాగలేదు, భయపడలేదు. ఆ రోజు గులకరాళ్ళు వినబడగానే కింద నుంచి నన్నొకటే అడిగాడు. ఎక్కడి నుంచి కొలిచారు బావా, అని. నాకర్థం కాలేదు. ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు."

ఆమె ముఖం మీద వాన పడుతోంది. తుడుచుకోలేదు.

"ఆయనకు తెలిసిపోయింది" అంది మెల్లగా. "గీత తప్పని తెలిసింది. అందుకే మూశాడు." కింద వాల్వు వైపు చూసి, "మూయడమే సరైన పని మామయ్యా. ఆలస్యమైందంతే."

మేస్త్రి కట్ట దిగాడు. అడుగున ఎర్ర ఊట పాదాల చుట్టూ తిరిగింది, గోరువెచ్చగా, బతికున్నదానిలా. నీళ్ళు మూతిలోంచి గర్జిస్తూ దూకుతున్నాయి. చక్రం మీద చేతులు వేశాడు. తన చేతుల పక్కన ఇంకో రెండు చేతులు ఉన్నాయి, నీళ్ళలో నానిన వేళ్ళతో. ఆయన తలెత్తి చూడలేదు. చూస్తే తిప్పలేనని తెలుసు.

పైకి అరిచాడు. వాన చప్పుడులో ఆ గొంతు ఆయనకే తనది అనిపించలేదు. పొడుగ్గా ఉంది.

"ఎక్కడి నుంచి కొలిచావమ్మా?"

పైనుంచి జవాబు వచ్చింది, ఆలస్యం లేకుండా.

"ఇప్పటి నీళ్ళ నుంచి మామయ్యా! ఆరు మీటర్లు! మూయండి!"

తిప్పాడు. చక్రం బిర్రుగా ఉంది. తుప్పు మూలిగింది. పక్కనున్న చేతులు కూడా తిప్పాయి. గర్జన తగ్గి హోరయింది, హోరు తగ్గి మామూలు పారకమైంది. "ఇంకా!" అంది పైగొంతు. "ఇంకొంచెం! ఆపండి!" ఆయన గొట్టానికి చెవి ఆన్చాడు. గులకరాళ్ళు ఒకటీ అరా దొర్లి ఆగిపోయాయి. లోపల నీళ్ళు మెత్తగా, నిండుగా, ఊపిరిలా వెళ్తున్నాయి. సైఫను బతికే ఉంది.

వాన ఆ రాత్రంతా పడింది కానీ గట్టిగా కాదు. సైఫను సగం గొంతుతో తాగుతూనే ఉంది, వాన పోసినదానికన్నా ఒక చుక్క ఎక్కువే. మేస్త్రిని పైకి రమ్మని ఇంజనీరమ్మ ఎంత పిలిచినా, ముల్లు నిలకడగా ఉందని తేలేదాకా రాలేదు. మర్నాడు సాయంత్రానికి బొరియ నోరు నీళ్ళ పైకి తేలింది, పళ్ళు ఊడిన నోరులా. మట్టి బస్తాలతో దాన్ని కుక్కారు. కట్ట కింద ఊట ఎరుపు తగ్గి, తేటబడి, సన్నగిల్లింది. పెద్ద ఇంజనీరు వచ్చి సగం మూసిన చక్రాన్ని చాలాసేపు చూశాడు. దాన్ని ముట్టుకోలేదు. ఇంజనీరమ్మతో, "పాత విచారణ మళ్ళీ తెరవమని రాస్తాను" అన్నాడు. ఆమె, "రాయండి సార్, ఎక్కడి నుంచి కొలిచారో కూడా రాయండి" అంది.

కావలివాడు మాత్రం ఆ పూట నుంచి ఊరంతా చెప్పుకు తిరిగాడు, గీత గీయొద్దని మొదట అన్నది తనేనని.

మేస్త్రి ఇంటికొచ్చాడు. బురద కాళ్ళు కడుక్కుని వంటింట్లోకి వెళ్ళాడు. భార్య ఏమీ అడక్కుండా ముఖం చూసింది, వెనక గుమ్మం వైపు చూసింది. పిల్ల క్షేమమని ఆయన తలూపాడు. కుళాయి తిప్పి, మళ్ళీ కట్టేశాడు. నీటి తోక జారింది. చెవి ఆన్చాడు.

గొట్టం ఉత్త గొట్టంలా ఉంది. మళ్ళీ తిప్పి, మళ్ళీ కట్టేశాడు. ఏమీ లేదు. ఇన్నేళ్ళు పోతే బాగుండనుకున్న గొంతు నిజంగానే పోయేసరికి, ఇంట్లోంచి ఎవరో లేచి చెప్పకుండా వెళ్ళిపోయినట్టనిపించింది.

బిందె పట్టుకుని పక్కన నిలబడ్డ భార్య అడిగింది, ఎప్పుడూ అడగనిది.

"ఏమంటున్నాడు మా అన్నయ్య?"

మేస్త్రి తిరిగి చూశాడు. ఆవిడ కళ్ళలో ఆశ్చర్యం లేదు. ఎప్పుడూ లేదు.

"నీకు తెలుసా?"

"మీరు నిద్రలో జవాబులు చెబుతారు. తాడు, ముడి, గేటు, ఆఖరికి తలకాయ." బిందె కుళాయి కింద పెట్టింది. "నాతో ఒక్కసారి కూడా మాట్లాడలేదు అన్నయ్య. మీ దగ్గరికే వచ్చేవాడు. నేను బిందె పట్టుకుని ఎందుకు నిలబడేదాన్ననుకున్నారు? నీళ్ళకా?"

మేస్త్రి జరిగి చోటిచ్చాడు. ఆవిడ కొంగు సవరించుకుని, వంగి, జీవితంలో మొదటిసారి కుళాయికి చెవి ఆన్చింది. అలా చాలాసేపు ఉంది. పొయ్యి మీద ఏదో మాడుతున్న వాసన వచ్చినా కదల్లేదు.